నిచ్చెన లెక్క: గోడకూ నేలకూ రెండింటికీ ఘర్షణ ఉంటే టార్క్ ఏ బిందువు దగ్గర తీసుకోవాలి?

పరకాల_ఎంపీసీ
అందరికీ నమస్తే. ఎప్‌సెట్ ప్రిపరేషన్‌లో ఒక లెక్క దగ్గర ఆగిపోయిన. 5 మీటర్ల నిచ్చెన, బరువు 200 న్యూటన్లు, పొడవంతా ఒకే తీరుగ ఉన్నది. అడుగు గోడకు 3 మీటర్ల దూరంలో ఉంది, పై కొస 4 మీటర్ల ఎత్తున గోడకు ఆనింది. నేల దగ్గర ఘర్షణ గుణకం 0.4, గోడ దగ్గర 0.3. 600 న్యూటన్ల బరువున్న మనిషి నిచ్చెన జారకుండా ఎంత దూరం ఎక్కగలడు?

నేను చేసింది ఇది. మొత్తం బరువు 800 కాబట్టి నేల నార్మల్ 800. దాని మీద ఘర్షణ 320. అడ్డంగా చూస్తే గోడ నార్మల్ కూడా 320. గోడ ఘర్షణ 96. అడుగు దగ్గర టార్కులు తీసుకున్న:

320×4 + 96×3 = 200×1.5 + 600x

x = 2.11 మీటర్లు. ఇది అడ్డ దూరం, నిచ్చెన వెంబడి అయితే 3.52. వెనక జవాబుల్లో మాత్రం 3.06 అని ఉన్నది. తప్పు ఎక్కడున్నదో అర్థమైతలేదు.

కరీంనగర్_షార్ట్‌కట్
తమ్మీ, అడుగు దగ్గర టార్క్ తీసుకున్నవు, అది కరెక్టే. నిచ్చెన లెక్క ఏదొచ్చినా పివట్ అడుగే. అక్కడ రెండు తెలియని బలాలు ఒక్కసారే పోతయి. నీ సమీకరణం బాగనే ఉన్నది, ప్రింట్ తప్పు కావచ్చు. జవాబుల్లో అట్లాంటివి మస్తు చూస్తం.

హన్మకొండ_మెకానిక్స్
ప్రింట్ తప్పు కాదు, 3.06 సరైనదే. టార్క్ సమీకరణంలో లోపం లేదు, లోపం అంతకు ముందే మొదటి వాక్యంలో ఉంది: "మొత్తం బరువు 800 కాబట్టి నేల నార్మల్ 800."

గోడ నున్నగా ఉంటేనే ఆ మాట నిజం. గోడకు ఘర్షణ ఉందంటే పై కొస కిందికి జారబోతుంటే గోడ దాన్ని పైకి పట్టుకుంటున్నట్టే. అంటే బరువులో కొంత గోడ మోస్తోంది. నేల మీద పడేది ఆ మేరకు తగ్గుతుంది. నేల నార్మల్ తగ్గితే నేల ఘర్షణ గరిష్ఠ విలువ కూడా తగ్గుతుంది. ఘర్షణ తగ్గితే గోడ నార్మల్ తగ్గుతుంది, ఎందుకంటే అడ్డంగా ఆ రెండే బలాలు ఎదురెదురుగా ఉన్నాయి. ఈ గొలుసును నీ లెక్క పట్టించుకోలేదు.

నేల నార్మల్ N₁, గోడ నార్మల్ N₂ అనుకో. జారబోయే క్షణంలో:

నిలువుగా: N₁ + 0.3 N₂ = 800
అడ్డంగా: N₂ = 0.4 N₁

రెండోది మొదటిదాంట్లో పెడితే 1.12 N₁ = 800. N₁ = 714.3, N₂ = 285.7, గోడ ఘర్షణ 85.7. ఇప్పుడు నీ టార్క్ సమీకరణమే:

285.7×4 + 85.7×3 = 300 + 600x

ఎడమ పక్క సరిగ్గా 1400 వస్తుంది. x = 1.833, నిచ్చెన వెంబడి 3.06 మీటర్లు.

గోడ పూర్తిగా నున్నగా ఉంటే ఎంతో కూడా చూడు: 1280 = 300 + 600x, నిచ్చెన వెంబడి 2.72. అంటే 0.3 ఘర్షణ ఉన్న గోడ ఇచ్చిన అదనపు దూరం దాదాపు 33 సెంటీమీటర్లు మాత్రమే. నీ పద్ధతిలో అది 80 సెంటీమీటర్లు అనిపించింది. గోడ ఒక చేత్తో పైకి పట్టుకుంటుంది, అదే కారణంగా నేల పట్టు కొంత పోతుంది.

కరీంనగర్_షార్ట్‌కట్
మేడమ్, గోడ 85.7 మోస్తదన్నది ఒప్పుకుంట. కానీ పివట్ అడుగే అన్న మాట తప్పు కాదు గదా? మీరు కూడా అక్కడే తీసుకున్నరు.

హన్మకొండ_మెకానిక్స్
తప్పు కాదు. కానీ "ఎప్పుడూ అడుగే" అన్నది అనవసరమైన కట్టుబాటు. సమతాస్థితిలో ఏ బిందువు దగ్గరైనా టార్కుల మొత్తం సున్నానే. నిచ్చెన మీద లేని బిందువైనా సరే, గాలిలో ఉన్నా సరే. కాబట్టి మనకు అవసరం లేని బలాలు ఏ బిందువు గుండా పోతున్నాయో చూసి అక్కడే నిలబడాలి. అడుగు దగ్గర N₁, నేల ఘర్షణ పోతాయి, కానీ గోడవైపు రెండూ మిగిలిపోతాయి. అందుకే ముందుగా రెండు సమీకరణాలు కట్టి N₁, N₂ తేల్చుకోవాల్సి వచ్చింది.

జనగామ_సివిల్
ఇక్కడ మంచి బిందువు ఇంకొకటుంది: గోడా నేలా కలిసే మూల. నేల ఘర్షణ నేల వెంబడే పోతుంది, గోడ ఘర్షణ గోడ వెంబడే పోతుంది, రెండు గీతలూ మూలలోనే కలుస్తాయి. అంటే ఘర్షణలు రెండూ ఒక్కసారే మాయం. మిగిలేవి రెండు నార్మల్స్, రెండు బరువులు:

3 N₁ − 4 N₂ = 200×1.5 + 600×(3 − x)

మేడమ్ ఇచ్చిన విలువలు పెడితే ఎడమ పక్క 2142.9 − 1142.9 = 1000. కుడి పక్క నుంచి 3 − x = 1.167. అదే x. జవాబు సరిచూసుకోవడానికి నేను దీన్నే వాడమంటాను, ఎందుకంటే అడుగు దగ్గర చేసిన దూరాల పొరపాటు ఇక్కడ మళ్ళీ అదే తీరుగా రాదు. ఒకే పివట్ దగ్గర రెండుసార్లు చేసి సరిపోయిందనుకుంటే అదే పొరపాటు రెండుసార్లు చేసినట్టు కావచ్చు.

పరకాల_ఎంపీసీ
మూల సంగతి బాగున్నది అన్నా. కానీ దాంట్ల కూడా N₁, N₂ ముందే తెలియాలె గదా. అవి లేకుండ నేరుగ x వచ్చే బిందువు ఏదైనా ఉంటదా?

హన్మకొండ_మెకానిక్స్
ఉంది. మంచి ప్రశ్న అడిగావు, ఈ లెక్కలో చూడదగ్గది అదే.

నార్మల్‌నూ ఘర్షణనూ విడివిడిగా చూడడం మానేసి, ఒక్కో చోట రెండింటినీ కలిపి ఒకే బలంగా చూడు. జారబోయే క్షణంలో నేల ఇచ్చే మొత్తం బలం దిశ మనకు తెలుసు: 1 పైకి పోతే 0.4 గోడవైపు. గోడ ఇచ్చే మొత్తం బలం దిశ కూడా తెలుసు: 1 గోడ నుంచి ఇవతలికి వస్తే 0.3 పైకి. పరిమాణాలు తెలియవు, దిశలు మాత్రం ఖచ్చితం.

కాగితం మీద స్కేలుకు గీయి. అడుగు దగ్గర నుంచి మొదటి గీత, పై కొస దగ్గర నుంచి రెండో గీత. రెండూ ఒక బిందువులో కలుస్తాయి. అదే మన పివట్. అక్కడ నేల బలం టార్క్ సున్నా, గోడ బలం టార్క్ సున్నా. తెలియనివి నాలుగూ పోయాయి. మిగిలింది బరువు ఒక్కటే. అది కూడా సున్నా టార్క్ ఇవ్వాలంటే, మనిషిదీ నిచ్చెనదీ కలిపిన గరిమనాభి సరిగ్గా ఆ బిందువు గుండా పోయే నిలువు గీత మీదనే ఉండాలి.

బిందువు ఎక్కడుందో చూద్దాం. గోడ నుంచి ఇవతలికి t దూరం వచ్చామనుకో. అడుగు నుంచి అడ్డ దూరం 3 − t, ఎత్తు 4 + 0.3t. నేల గీత మీద ఉండాలంటే అడ్డ దూరం ఎత్తుకు 0.4 రెట్లు:

3 − t = 0.4 (4 + 0.3t)
1.4 = 1.12 t
t = 1.25

అంటే అడుగు నుంచి అడ్డంగా 1.75 మీటర్లు, ఎత్తు 4.375. నిచ్చెన పై కొసకంటే 37.5 సెంటీమీటర్లు ఎత్తున, గాలిలో ఉందా బిందువు. ఇక మిగిలింది ఒక్క వాక్యం:

200×1.5 + 600x = 800×1.75

x = 1.833. N₁ వద్దు, N₂ వద్దు. బరువులన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించినా ఇది మారదు కాబట్టి g 10 తీసుకున్నా 9.8 తీసుకున్నా ఒకటే.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఇది నిచ్చెన ఎటు ప్రవర్తిస్తుందో కూడా చెబుతుంది. గరిమనాభి 1.75 గీతకు అడుగువైపు ఉన్నంతసేపు నిచ్చెన నిలుస్తుంది. మనిషి ఎక్కుతున్నకొద్దీ గరిమనాభి గోడవైపు జరుగుతుంది. గీత దాటగానే జారుతుంది. మొదటి నాలుగు మెట్లు గట్టిగా ఉన్నాయని పై మెట్టు దాకా నమ్మడం ఎందుకు తప్పో ఈ గీత చూపిస్తుంది.

పరకాల_ఎంపీసీ
గీసి చూసిన మేడమ్, కలిసే బిందువు కొసకు పైననే వచ్చింది. ఒక సందేహం. నేల దగ్గర 0.4, గోడ దగ్గర 0.3 రెండూ ఒకేసారి చివరి హద్దుకు వస్తయని ఎట్ల అనుకుంటున్నం? నేల ముందు జారి, గోడ తర్వాత జారొచ్చు గదా?

జనగామ_సివిల్
వంగని నిచ్చెన అయితే కుదరదు. అడుగు గోడకు దూరంగా ఒక మిల్లీమీటరు జరిగిందంటే పై కొస కిందికి దిగాల్సిందే, పొడవు మారదు కాబట్టి. రెండు కొసలూ ఒకేసారి కదలాలి. కాబట్టి కదలిక మొదలయ్యే క్షణంలో రెండు చోట్లా ఘర్షణ పూర్తి విలువలో ఉంటుంది.

మడికొండ_మేస్త్రి
మీ లెక్కలు చదివిన. మా దగ్గర పని వేరే తీరుగ ఉంటది. 6 మీటర్ల నిచ్చెన, 24 కిలోలు ఉంటది. పిట్టగోడ అంచు మీద ఆనిస్తం, ఒక మీటరు పైకి మిగులుతది. అడుగు గోడకు 3 మీటర్లు, అంచు ఎత్తు 4 మీటర్లు. 60 కిలోల మనిషి ఎక్కితే ఇదే 3.06 అనుకోవాల్నా? కింద షాబాదు బండ, 0.4 అనే అనుకుందాం.

కరీంనగర్_షార్ట్‌కట్
అవునన్నా, ఆనిన చోటి వరకు 5 మీటర్లే కాబట్టి అదే లెక్క. పైన మిగిలింది లెక్కలోకి రాదు.

హన్మకొండ_మెకానిక్స్
కాదు, రెండు కారణాల వల్ల. అన్నగారి కేసు వేరు.

ఒకటి, పైన మిగిలిన మీటరుకూ బరువుంది. నిచ్చెన గరిమనాభి 3 మీటర్ల దగ్గర, అడ్డంగా 1.8 మీటర్ల దగ్గర ఉంటుంది, 1.5 దగ్గర కాదు.

రెండు, ఆనేది చదును గోడ కాదు, అంచు. చదును గోడకు నిచ్చెన కొస ఆనితే నార్మల్ గోడకు లంబంగా ఉంటుంది. అంచు మీద నిచ్చెన కాడ ఆనితే నార్మల్ నిచ్చెనకు లంబంగా ఉంటుంది, అంటే వాలుగా పైకి. ఈ కొలతల్లో ఆ దిశ 0.8 ఇవతలికి, 0.6 పైకి. అంచు దగ్గర ఘర్షణ అసలే లేకున్నా అది 0.75 ఘర్షణ ఉన్న చదును గోడతో సమానంగా పనిచేస్తుంది.

అదే గీతల పద్ధతి:

3 − t = 0.4 (4 + 0.75t), t = 1.077

హద్దు గీత అడుగు నుంచి 1.92 మీటర్ల దగ్గర. నిచ్చెన ఒక్కటే 1.8 దగ్గర ఉంది కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడే హద్దుకు 12 సెంటీమీటర్లు మాత్రమే మిగిలింది. మనిషి లెక్క:

240×1.8 + 600x = 840×1.923

x = 1.97, నిచ్చెన వెంబడి 3.29 మీటర్లు. అంచు దాకా చేరడు. అంచు ఘర్షణ కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది, కానీ దాని మీద ఆధారపడవద్దు. ఈ వాలులో అడుగు కట్టకుండా ఆ నిచ్చెన ఎక్కకూడదు.

మడికొండ_మేస్త్రి
కింద ఒక మనిషి పట్టుకుంటడు మేడమ్. అట్ల పట్టుకుంటే ఎంత ఫాయిదా ఉంటది? మొదటి మెట్టు మీద నిలబడ్డా ఒకటేనా, చేతులతో పట్టుకున్నా ఒకటేనా?

జనగామ_సివిల్
ఒకటి కాదు. తేడా చాలా ఉంది. 3.06 వచ్చిన మొదటి నిచ్చెనతోనే చెబుతాను, అంకెలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి.

60 కిలోల ఇంకో మనిషి అడుగు దగ్గరి మెట్టు మీద నిలబడితే అతని బరువు దాదాపు x = 0 దగ్గర పడుతుంది. హద్దు గీత 1.75 దగ్గర అట్లనే ఉంటుంది, మొత్తం బరువు మాత్రం 1400 అవుతుంది. 300 + 600x = 1400×1.75 అంటే x = 3.58. గోడ ఉన్నదే 3 మీటర్ల దగ్గర కాబట్టి పైవాడు కొస దాకా పోవచ్చు. గోడ నున్నగా ఉందనుకున్నా హద్దు 1.6 దగ్గరకు వస్తుంది, x = 3.23, అప్పటికీ కొస దాకా పోవచ్చు.

నేల మీద నిలబడి చేతులతో గోడవైపు నెట్టితే బరువు కలవదు, నెట్టిన బలం మాత్రమే నేల ఘర్షణకు తోడవుతుంది. నున్నటి గోడ, మనిషి కొస దగ్గర ఉంటే అడుగు దగ్గర అడ్డంగా 525 న్యూటన్లు కావాలి. ఘర్షణ 320 ఇస్తుంది. మిగిలిన 205 చేతులు ఇవ్వాలి, అంటే 20 కిలోల బరువుకు సమానమైన నెట్టుడు, పైవాడు దిగే దాకా సడలకుండా. అది కూడా నెట్టేవాడి చెప్పులు ఆ బండ మీదే జారకుంటే.

చేతులతో నిలువు కాడలను పక్కల నుంచి పట్టుకుంటే పక్కకు ఒరగదు. అడుగు వెనక్కి జారే సమస్యకు దాంతో దాదాపు ఏమీ రాదు.

మడికొండ_మేస్త్రి
అట్లనా. మావోళ్ళు ఎక్కువ పక్కల్నే పట్టుకుంటరు.

హన్మకొండ_మెకానిక్స్
అన్నా, అన్నిటికంటే సులువు అడుగును దగ్గరికి జరపడం. ఎత్తు 4 ఉంటే అడుగు 1 పెట్టే పద్ధతి ఉంది కదా. చదును గోడకు 5 మీటర్ల నిచ్చెనను అట్లా పెడితే అడుగు 1.21 మీటర్ల దగ్గర, కొస 4.85 ఎత్తున ఉంటుంది. నున్నటి గోడకే హద్దు గీత 0.4×4.85 = 1.94 మీటర్ల దగ్గర పడుతుంది. అది గోడకు అవతల! గరిమనాభి అక్కడికి ఎప్పటికీ పోలేదు. మనిషి కొస మీద ఉన్నా నేల దగ్గర 0.22 గుణకం సరిపోతుంది. 3 మీటర్ల దూరంలో పెట్టినప్పుడు అదే పనికి 0.66 కావాలి. బండ మీద ఇసుక పొడి ఉంటే 0.4 కూడా ఉండదు కాబట్టి ముందు ఊడ్చి, ఆరనిచ్చి పెట్టండి.

ఒక హెచ్చరిక: ఇంకా నిటారుగా పెడితే జారదు కానీ మనిషి వెనక్కి ఒరిగితే నిచ్చెన వెనక్కి పడుతుంది. అప్పుడు గోడ నార్మల్ సున్నా అవుతుంది, మనం కట్టిన సమీకరణాలు చెల్లవు.

కరీంనగర్_షార్ట్‌కట్
ఇంకో ప్రశ్న. పరీక్షల్ల "మనిషి 1 మీటరు ఎక్కినప్పుడు గోడ ఘర్షణ ఎంత" అని అడిగితే 0.3 N₂ పెట్టి చేసేయొచ్చు గదా. మొదటి నిచ్చెనకే చూస్తే x = 0.6, కాబట్టి 300 + 360 = 660 = 4N₂ + 0.9N₂. N₂ = 134.7, ఘర్షణ 40.4. అంతే.

జనగామ_సివిల్
అది జారబోయే క్షణం కాదు. 3.06 దగ్గర జారే నిచ్చెన 1 మీటరు దగ్గర హద్దుకు చాలా దూరంలో ఉంది. ఘర్షణ "0.3 N₂ దాకా ఎంతైనా" ఉండొచ్చు, సరిగ్గా 0.3 N₂ కానక్కర లేదు. తెలియనివి నాలుగు, సమీకరణాలు మూడు. ఏ పివట్ పట్టుకున్నా నాలుగో సమీకరణం పుట్టదు. రెండో పివట్ దగ్గర టార్క్ రాస్తే కొత్త సమాచారం వచ్చినట్టు కనిపిస్తుంది, కానీ అది ముందున్న మూడింటి కలయికే.

పరకాల_ఎంపీసీ
అంటే ఆ ప్రశ్నకు జవాబే లేదా?

హన్మకొండ_మెకానిక్స్
ఒక్క అంకె లేదు, హద్దులు ఉన్నాయి. గోడ ఘర్షణ f₂ అనుకుంటే 4N₂ + 3f₂ = 660 మాత్రమే మనకు తెలుసు. గోడ ఘర్షణ పైకి పూర్తిగా ఉంటే N₂ 134.7. సున్నా ఉంటే 165. కిందికి పూర్తిగా ఉంటే 212.9.

కిందికి ఎట్లా అంటావేమో. నిచ్చెన ఆనించిన తర్వాత అడుగును కాలితో గోడవైపు తోస్తే పై కొస పైకి జరుగుతుంది, గోడ దాన్ని కిందికి లాగుతుంది. తోయడం ఆపాక ఆ ఘర్షణ కొంత అట్లనే ఉండిపోవచ్చు. ఎట్లా పెట్టారన్నదాని మీద జవాబు ఆధారపడుతుంది.

కరీంనగర్_షార్ట్‌కట్
అట్ల కిందికి లాగుతుంటే 3.06 కంటే ముందే జారాలె గదా మరి?

జనగామ_సివిల్
జారడం మొదలవ్వాలంటే కొస కిందికి కదలాలి. కదలబోతేనే గోడ ఘర్షణ దిశ తిరిగి పైకి అవుతుంది. కాబట్టి 3.06 మారదు. మారేది అంతకు ముందు గోడ మీద పడే నెట్టుడు. రేకు గోడకో, పలుచటి ఇటుక పార్టిషన్‌కో ఆనిస్తే అది పట్టించుకోవాల్సిన విషయమే. నేనైతే జారడానికి గోడ నున్నగా ఉందనుకొని, గోడ బలానికి ఘర్షణ కిందికి ఉందనుకొని, రెండు వేరువేరు లెక్కలు చేస్తాను.

హన్మకొండ_మెకానిక్స్
రెండో దాంతో నేను పూర్తిగా ఏకీభవించను. అల్యూమినియం నిచ్చెన మనిషి బరువుకు మధ్యలో వంగుతుంది. వంగినప్పుడు కొసలు కొద్దిగా కదులుతాయి, ముందున్న ఘర్షణ అక్కడే చాలావరకు సడలిపోవచ్చు. 212.9 దాకా పోతుందనడం అతి జాగ్రత్త అని నా అభిప్రాయం.

జనగామ_సివిల్
వెదురు నిచ్చెన అల్యూమినియం అంత సాఫీగా కదలదు మేడమ్. కణుపు గోడ గరుకులో పట్టుకుంటే సడలకుండానే ఉండిపోతుంది. వంపు ఎంతో, కొస ఎంత కదిలిందో కొలవకుండా ఎవరి మాట సరైనదో తేలదు.

మడికొండ_మేస్త్రి
మా దగ్గర రెండు రకాల నిచ్చెనలున్నయి. కొస దగ్గర గోడ మీద సుద్దతో గీత గీసి, మనిషి ఎక్కినంక ఎంత జరిగిందో చూసి చెప్తా. అడుగు కట్టేసి చూడాల్నా, ఇడిసిపెట్టి చూడాల్నా?

జనగామ_సివిల్
ఇడిసిపెట్టే చూడాలి, లేకుంటే అడుగు బలం తాడు మీదికి పోతుంది. కానీ అడుగును 1.2 మీటర్ల దగ్గర పెట్టి, రెండో మెట్టు దాటకుండా చూడండి అన్నా.